బి1తో బయలుదేరాలా, బి2 దాకా ఆగాలా?

ఈ మధ్య మా చిరునామాకు వస్తున్న ఉత్తరాల్లో జర్మనీ ప్రస్తావన లేని నెల లేదు. వాటిలో ఒక తండ్రి రాసిన ఉత్తరం మమ్మల్ని ఎక్కువసేపు ఆలోచింపజేసింది. ఆయన కుమార్తె జి.ఎన్.ఎం. పూర్తిచేసి మూడేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. జర్మన్ భాషలో బి1 పరీక్ష నెగ్గింది. ఏజెంటు వచ్చి, ‘బి1 చాలు, వీసా వస్తుంది, బి2 అక్కడికి వెళ్లాక మేమే పూర్తి చేయిస్తాం’ అంటున్నాడు. శిక్షణ నిచ్చిన ఉపాధ్యాయురాలు మాత్రం, ‘బి2 ఇక్కడే ముగించి వెళ్లు’ అంటోంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలన్నది ఆ తండ్రి ప్రశ్న. చాలా కుటుంబాలకు పనికివచ్చే ప్రశ్న కాబట్టి ఈ నెల శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాము.

ముందుగా ఆ అక్షరాలు, అంకెల సంగతి. ఐరోపా దేశాలు భాషా సామర్థ్యాన్ని ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు మెట్లుగా విభజించుకున్నాయి. ఏ1 అంటే పేరు చెప్పుకుని, ధర అడిగి, సాదా వాక్యాలు పలకగలగడం. బి1 అంటే రోజువారీ జీవితంలో ఎవరి సాయమూ లేకుండా నెగ్గుకురావడం. బి2 అంటే తన వృత్తికి సంబంధించిన విషయాన్ని ఎదుటివారు ఇబ్బంది పడకుండా చర్చించగలగడం, కారణాలు చెప్పగలగడం, కాదన్నప్పుడు సమాధానమివ్వగలగడం. చూడటానికి ఒక్క మెట్టే అయినా, కింది నుంచి బి1 దాకా ఎక్కడానికి పట్టిన శ్రమలో పెద్ద భాగం మళ్లీ ఈ ఒక్క మెట్టుకే పడుతుంది. గోథె సంస్థ అంచనా ప్రకారం మొదటి నుంచి బి2 చేరడానికి నలభై ఐదు నిమిషాల పాఠాలు సుమారు 600 నుంచి 800 వరకు అవసరమవుతాయి. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ చదివే అమ్మాయికి ఇది కొన్ని వారాల్లో తేలే పని కాదు.

ఇప్పుడు ఏజెంటు మాట పరిశీలిద్దాము. ‘బి1తో వీసా వస్తుంది’ అనడంలో అబద్ధం లేదు. జర్మనీ చట్టంలో, విదేశంలో చదివిన వారు తమ అర్హతకు గుర్తింపు పొందడం కోసం అక్కడికి వెళ్లి ఉండే వీసా ఒకటుంది. దానికి బి2 తప్పనిసరి కాదు. అయితే ఆ వీసా గుర్తింపు ‘పొందడం కోసం’ ఇచ్చేది. గుర్తింపు ‘పొందినట్లు’ కాదు. ఏజెంటు చెప్పకుండా వదిలేసిన సగం ఇదే.

జర్మనీలో నర్సు అన్నది చట్టం కాపాడే వృత్తినామం. 2020 జనవరి 1 నుంచి అమలులో ఉన్న నర్సింగ్ వృత్తుల చట్టం ప్రకారం, ప్రభుత్వ అనుమతి పొందినవారు మాత్రమే ‘ఫ్లేగెఫాఖ్‌ఫ్రావ్’ అని, పురుషులైతే ‘ఫ్లేగెఫాఖ్‌మాన్’ అని చెప్పుకోవచ్చు. ఆ అనుమతికి రెండు విషయాలు తేలాలి. మన డిగ్రీ లేక డిప్లొమా అక్కడి చదువుకు సమానమైనదా అన్నది మొదటిది. వృత్తి నిర్వహణకు సరిపడే భాష వచ్చునా అన్నది రెండవది. ఈ రెండవ దానికి సాధారణంగా అడిగేది బి2. జర్మనీలో 16 రాష్ట్రాలున్నాయి, అనుమతి ఇచ్చేది ఆయా రాష్ట్రాల కార్యాలయమే. అందుచేత కొన్నిచోట్ల సాధారణ బి2 పత్రం సరిపోతే, మరికొన్నిచోట్ల నర్సింగ్ వృత్తికి సంబంధించిన ప్రత్యేక భాషా పరీక్ష కోరుతారు. ఉద్యోగం ఇస్తానన్న ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉందో తెలుసుకోకుండా ‘ఫలానా పత్రం చాలు’ అని ఎవరు చెప్పినా ఆ మాటకు బలం లేదు.

మన నర్సింగ్ చదువును అక్కడి కార్యాలయం పరిశీలించి సాధారణంగా ఒక నిర్ణయ పత్రం ఇస్తుంది. అక్కడి పాఠ్యక్రమంతో పోల్చినప్పుడు ఏయే అంశాలు తక్కువయ్యాయో అందులో ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి రెండు దారులు: ఆసుపత్రిలో పనిచేస్తూ పూర్తిచేసే సర్దుబాటు శిక్షణ, లేదా మౌఖిక, ఆచరణాత్మక భాగాలున్న జ్ఞాన పరీక్ష. ఏ దారిలో వెళ్లినా అంతా జర్మన్ భాషలోనే. పరీక్షకులు మంచం పక్కన నిలబడి, ‘ఈ రోగికి ఈ మందు ఎందుకు ఆపుతావు?’ అని అడిగితే బి1 భాషతో జవాబివ్వడం మహాకష్టం. పని తెలిసిన నర్సు కూడా మాట తెలియక అక్కడ తప్పుతుంది.

ఈ దశ ముగిసేవరకు ఆమె హోదా నర్సు కాదు, సహాయకురాలు. వృద్ధుల సంరక్షణ రంగంలో ఈ తేడా ఎంతో చూద్దాము. జర్మనీ ప్రభుత్వం ఆ రంగానికి విడిగా కనీస వేతనం నిర్ణయిస్తుంది. 2025 జూలై నుంచి శిక్షణ లేని సహాయకులకు గంటకు 16.10 యూరోలు, అనుమతి పొందిన నర్సులకు 20.50 యూరోలు. తేడా గంటకు 4.40 యూరోలు. వారానికి 39 గంటల పని లెక్కన నెలకు దాదాపు 169 గంటలు. అంటే నెలకు పన్నులకు ముందు సుమారు 740 యూరోలు తక్కువ. ఒక సంవత్సరం అలా గడిస్తే తొమ్మిది వేల యూరోలకు దగ్గర. ‘అక్కడికి వెళ్లాక చూద్దాం’ అన్న మాట ఖరీదు ఇది. బి2 ఇక్కడే ముగించడానికి మరో ఆరు నెలలు ఆగితే నష్టమని భావించే తల్లిదండ్రులు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ఇక్కడి నుంచి బి2తో వెళ్లినా గుర్తింపు వచ్చేదాకా కొంతకాలం సహాయకురాలిగానే పనిచేయవలసి రావచ్చు, నిజమే. కానీ ఆ కాలం చదువులోని లోటు తీర్చుకోవడానికి మాత్రమే ఖర్చవుతుంది, భాష కోసం ఆగిపోదు.

డబ్బు కంటే పెద్ద చిక్కు కాలపరిమితి. గుర్తింపు కోసం ఇచ్చే నివాస అనుమతి మొదట 24 నెలల వరకు, పొడిగిస్తే మొత్తం మూడేళ్ల వరకు మాత్రమే. వృద్ధాశ్రమంలో పూర్తి పనిగంటలు చేసి సాయంత్రం తరగతికి వెళ్లే అమ్మాయికి ఆ కాలం కనిపించినంత పొడవైనది కాదు. తరగతి ఉన్న ఊరు ఒకటి, ఉద్యోగం ఉన్న ఊరు ఒకటి అయితే మరీ కష్టం. ‘మేమే పూర్తి చేయిస్తాం’ అన్న ఏజెంటును అడగవలసిన ప్రశ్నలు ఇక్కడే పుడతాయి: తరగతి పనివేళల్లోనా, ఆ తరువాతా? ఆ గంటలకు జీతం ఇస్తారా? పరీక్ష రుసుము ఎవరిది? ఒకసారి తప్పితే రెండవసారి ఎవరు కడతారు? ఈ నాలుగింటికి ఒప్పందంలో రాతపూర్వకంగా జవాబులుంటే ఏజెంటు మాటకు విలువ ఉంది. నోటిమాటగా ఉంటే లేదు.

ఇక పత్రం గురించి. ఇక్కడ జరిగే పొరపాటు చాలా కుటుంబాలకు ఆలస్యంగా తెలుస్తుంది. శిక్షణ కేంద్రం ఇచ్చే ‘బి2 కోర్సు పూర్తిచేసినట్లు ధ్రువీకరణ’ వేరు, పరీక్ష నెగ్గినట్లు ఇచ్చే పత్రం వేరు. మొదటిది హాజరుకు సాక్ష్యం మాత్రమే. జర్మనీ కార్యాలయాలకు కావలసింది రెండవది, అదీ గుర్తింపు ఉన్న పరీక్షా సంస్థ నుంచి. గోథె సంస్థ, టెల్క్, ఆస్ట్రియాకు చెందిన ఓ.ఎస్.డి. ఇచ్చే పత్రాలు ఆ కోవలోనివి. టెల్క్‌లో నర్సింగ్ రంగానికే రూపొందించిన బి1-బి2 పరీక్ష కూడా ఉంది; అందులో మార్కులను బట్టి ఫలితం బి1గానో బి2గానో వస్తుంది. చెన్నై, బెంగళూరులలో గోథె సంస్థ మాక్స్ ముల్లర్ భవన్ పేరుతో ఉంది. హైదరాబాదులో గోథె జెంట్రుమ్ ఉంది.

గోథె బి2 పరీక్ష నిర్మాణం తెలుసుకుంటే అభ్యర్థికి సగం భయం తీరుతుంది. పఠనం, శ్రవణం, లేఖనం, సంభాషణ అని నాలుగు విభాగాలు. ఒక్కొక్కటి 100 మార్కులకు, ఒక్కొక్కదానిలో 60 రావాలి. ఒకదానిలో 90 వచ్చి మరొకదానిలో 55 వస్తే సగటు చూడరు. 55 వచ్చినది తప్పినట్లే. కానీ తప్పిన విభాగం ఒక్కటే మళ్లీ రాయవచ్చు. నాలుగు విభాగాల్లోనూ విడివిడిగా నెగ్గిన పత్రాలు కలిపి చూపితే అది పూర్తి బి2తో సమానం. బి1కీ ఇదే పద్ధతి.

మాకు తెలిసిన ఒక సోదరి విషయంలో ఇది ఎలా పనిచేసిందో చెబుతాము. నంద్యాల ప్రాంతానికి చెందిన ఆమె కూడా జి.ఎన్.ఎం. చేసినదే. బి2 మొదటిసారి రాసినప్పుడు పఠనంలో 73, లేఖనంలో 64, సంభాషణలో 71 వచ్చాయి. శ్రవణంలో 57. ఇంట్లో అందరూ ‘ఫెయిలైంది’ అనుకున్నారు. నిజానికి ఆమెకు మిగిలింది పావు వంతు పనే. శ్రవణంలో 30 ప్రశ్నలుంటాయి, ఒక్కొక్క ప్రశ్నకు సుమారు 3.33 మార్కులు. 18 సరిగా చేస్తే 60. ఆమె చేసినవి 17. ఒక్క ప్రశ్న దూరంలో ఆగిపోయింది.

ఫలితపత్రం ఏ ప్రశ్న తప్పిందో చెప్పదు. గోథె సంస్థ తన వెబ్‌సైటులో నమూనా పరీక్షలు ఉచితంగా ఉంచుతుంది. ఆమె వాటిని గడియారం పెట్టుకుని రాసి, తప్పులు ఎక్కడ పడుతున్నాయో విడదీసి చూసుకుంది. శ్రవణంలో నాలుగు భాగాలున్నాయి. వాటిలో రెండు భాగాల ధ్వనిముద్రణ రెండుసార్లు వినిపిస్తారు, తక్కిన రెండు ఒక్కసారి మాత్రమే. రెండుసార్లు వినే భాగాల్లో 14 ప్రశ్నలకు ఆమె పదకొండు వరకు సరిగా చేయగలుగుతోంది. ఒక్కసారి వినే భాగాల్లోని 16 ప్రశ్నల్లో మాత్రం ఆరేడు మించడం లేదు. అంటే పదాలు రాక కాదు, మొదటిసారి వినేటప్పుడు దేనికోసం వింటున్నదో తెలియక తప్పుతోంది. ముఖ్యంగా రేడియో చర్చ భాగంలో, ఈ అభిప్రాయం ఎవరిది అని అడుగుతారు. ఆమె విషయం పట్టుకుంటోంది గాని గొంతు పట్టుకోవడం లేదు.

రెండు నెలలపాటు ఆమె కొత్త పదాలు కంఠస్థం చేయడం పక్కన పెట్టింది. ధ్వని మొదలయ్యేలోపు ఇచ్చే వ్యవధిలో ప్రశ్నలు చదివి, ఒక్కొక్క ప్రశ్నలో ఒకే కీలక పదం కింద గీత గీయడం అలవాటు చేసుకుంది. చర్చ మొదలు కాగానే ఎవరి గొంతు ఎవరిదో మార్జినులో గుర్తు పెట్టుకుంది. రోజూ డ్యూటీకి వెళ్లే బస్సులో జర్మన్ రేడియో వార్త ఒకటి ఒక్కసారే విని, ఆపి, విన్నది మూడు వాక్యాల్లో చెప్పుకుంది. రెండవసారి శ్రవణం ఒక్కటే రాస్తే 20 సరిపోయాయి, 67 మార్కులు వచ్చాయి. పఠనం, లేఖనం, సంభాషణల జోలికి మళ్లీ పోలేదు.

లేఖన విభాగంలో మనవాళ్లు తప్పే చోటు వేరు. అక్కడ రెండు రచనలు: ఒక సామాజిక విషయంపై కనీసం 150 పదాల్లో అభిప్రాయం, ఆపైన పై అధికారికో మరొకరికో కనీసం 100 పదాల్లో మర్యాదపూర్వకమైన లేఖ. కొన్ని శిక్షణ కేంద్రాలు ముందే తయారుచేసిన వ్యాసాలు బట్టీ పట్టిస్తున్నాయి. దీనిలో ప్రమాదం ఉంది. మూల్యాంకన నియమం ప్రకారం, అడిగిన అంశానికి రచన జవాబివ్వలేదని తేలితే భాష ఎంత చక్కగా ఉన్నా ఆ రచనకు మొత్తంగా సున్నా. మొదటి రచనకే 60 మార్కులు. అది పోతే రెండవదానిలో 40కి 40 తెచ్చుకున్నా విభాగం తప్పినట్లే. లేఖ విషయంలో మరొక చిన్న హెచ్చరిక. జర్మన్ భాషలో ‘డూ’ మన ‘నువ్వు’, ‘జీ’ మన ‘మీరు’. మేనేజరుకు రాసే లేఖ ‘జీ’తో మొదలుపెట్టి మధ్యలో ‘డూ’లోకి జారిపోవడం మన అభ్యర్థుల్లో తరచుగా కనిపించే తప్పు. ఇంగ్లీషులో ఈ తేడా లేకపోవడం, మనవాళ్లు జర్మన్‌ను ఇంగ్లీషు ద్వారా నేర్చుకోవడం ఇందుకు కారణమని మా అభిప్రాయం. తెలుగులో ఆలోచిస్తే ఈ తప్పు దొర్లదు.

ఈ సందర్భంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలోని పిల్లలకు ఒక సౌలభ్యం ఉంది. దానిని వారు గుర్తించడం లేదు. రాత్రి అనే అర్థమిచ్చే ‘నాఖ్ట్’లో వచ్చే గొంతు ధ్వని మన ‘ఖబర్’, ‘ఖుదా’లలో పలికే ‘ఖే’ అక్షరమే. దానికోసం ఇతరులు నెలలు తంటాలు పడతారు. అలాగే ‘ఎందుకంటే’ వంటి మాటతో మొదలయ్యే ఉపవాక్యంలో జర్మన్ క్రియ చివరికి పోతుంది. క్రియ చివర రావడం తెలుగుకూ ఉర్దూకూ సహజం. ఇంగ్లీషు దారిన వెళ్లి అక్కడ తడబడటం అనవసరం.

ఇక ఆ తండ్రికి మా సమాధానం. అమ్మాయికి బి1 ఉంది కనుక చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. చదువు పత్రాల అనువాదాలు చేయించి గుర్తింపు దరఖాస్తు ఇప్పుడే పంపించవచ్చు. ఆ నిర్ణయం రావడానికి ఎలాగూ నెలలు పడుతుంది. ఆ నెలలే బి2కు వాడుకోవాలి. విదేశాల్లో ఉన్న అభ్యర్థులకు ఏ రాష్ట్రంలో ఏమి అడుగుతారో చెప్పడానికి బాన్ నగరంలో జర్మనీ వారి కేంద్ర సలహా విభాగం ఉంది. జెడ్.ఎస్.బి.ఏ. అన్నది దాని పొట్టిపేరు. సలహాకు రుసుము లేదు. anerkennung-in-deutschland.de అనే వెబ్‌సైటులో వృత్తిని బట్టి బాధ్యత ఉన్న కార్యాలయం పేరు కూడా దొరుకుతుంది. ఏజెంటు చెప్పిన ప్రతి మాటనూ అక్కడ సరిచూసుకోండి.

పరీక్ష మరీ ముందుగా రాసేసి పత్రం బీరువాలో పెట్టడమూ మంచిది కాదు. గోథె పత్రానికి గడువు ముగియడం అంటూ లేదు. కానీ రెండేళ్లకు పైబడిన పత్రాన్ని ఒప్పుకోని కార్యాలయాలు, యజమానులు ఉన్నారు. బి1 పాతదై ఉంటే బి2 కొత్తది చూపితే ఆ చిక్కు ఉండదు.

ఏజెంటు అడుగుతున్న సొమ్ము విషయం ఆ తండ్రి ఉత్తరం చివర రాశారు. ఇంట్లో ఆడవాళ్ల బంగారం అమ్మి, మిగతాది వడ్డీకి తేవాలనుకుంటున్నారట. వద్దని గట్టిగా చెబుతున్నాము. మన వలస నిబంధనల ప్రకారం, నమోదైన ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగల సేవారుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. రశీదు తప్పక ఇవ్వాలి. నమోదు ఉన్నదీ లేనిదీ ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. జర్మనీలో నర్సుల నియామకాలకు ప్రభుత్వ హామీతో కూడిన ఒక నాణ్యతా ముద్ర ఉంది. దానిని పొందిన సంస్థలు నియామక ఖర్చు అభ్యర్థిపై వేయకూడదు, ఆ ఖర్చు యజమానిదే. తెలంగాణలో ప్రభుత్వమే నడిపే టామ్‌కామ్ సంస్థ కూడా ఉంది. ఈ దారులుండగా లక్షలు అప్పు చేసి వెళ్లిన అమ్మాయి, సహాయకురాలి జీతంలోంచి కిస్తీ కట్టుకుంటూ బి2 చదవలేదు.

చివరగా ఒక చిన్న పని, ఈ వారమే చేయదగినది. మన ఇళ్లలో ఒకే మనిషి పేరు పదవ తరగతి పత్రంలో ‘ఎస్.కె.’తో, నర్సింగ్ కౌన్సిల్ నమోదులో ‘షేక్’తో, పాస్‌పోర్టులో మరొక స్పెల్లింగుతో ఉంటుంది. ‘ఎం.డి.’, ‘మహమ్మద్’ విషయంలోనూ అంతే. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు. జర్మనీ కార్యాలయంలో మాత్రం ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇద్దరు వేర్వేరు మనుషులా అన్న ప్రశ్న వస్తుంది. భాషా పరీక్షకు పేరు నమోదు చేసేటప్పుడు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, ఇంటిపేరు ఏ గడిలో ఉందో ఆ గడిలోనే రాయాలి. పుట్టిన తేదీ, పుట్టిన ఊరు కూడా పత్రంపై అచ్చవుతాయి. పాస్‌పోర్టులోనే తప్పుంటే, పరీక్షకు దరఖాస్తు పెట్టకముందే దానిని సరిచేయించండి.